ఆంటలాజికల్, కాస్మలాజికల్, డిజైన్ వాదనలు: ఏ అభ్యంతరం ఏ మెట్టుకు తగులుతుందో పట్టుకునే రివిజన్ షీట్

సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు రెండో పేపర్‌లో ఒక లైన్ ఉంటుంది: దేవుని ఉనికికి రుజువులు, వాటి విమర్శ, భారతీయ, పాశ్చాత్య కోణాల్లో. ఎం.ఏ. ఫిలాసఫీ వాళ్లకూ ఇది తప్పదు. ఈ ప్రశ్నకు ఎక్కువమంది రాసే జవాబు ఒకే తీరులో ఉంటుంది. వాదనను ఒక పేరాలో కథలా చెప్పి, కింద 'అయితే దీన్ని హ్యూమ్, కాంట్, రసెల్ తీవ్రంగా విమర్శించారు' అని పేర్లు పేర్చేస్తారు. చదివేవారికి ఒక్కటే సందేహం మిగులుతుంది: విమర్శించారు సరే, వాదనలో ఎక్కడ కొట్టారు?

ఈ షీట్ ఆ ఒక్క పనికోసం. ప్రతి వాదననూ మెట్లుగా విడగొట్టి, ప్రతి అభ్యంతరం పక్కన అది తగిలే మెట్టు నంబరు వేసుకోండి.

ముందు పేజీ సిద్ధం చేసుకోండి

ఒక్కో వాదనకు ఒక్కో తెల్లకాగితం. మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మెట్లు, కుడివైపు అభ్యంతరాలు. కుడివైపు రాసే ప్రతిదానికీ ముందు మెట్టు నంబరు, తర్వాత ఈ మూడు ముద్రల్లో ఒకటి వేయాలి.

'తప్పు' అంటే ఆ మెట్టే నిజం కాదు. 'అతకదు' అంటే మెట్లు నిజమైనా ముగింపు వాటి నుంచి రాదు. 'చాలదు' అంటే ముగింపు వచ్చింది, కానీ వచ్చినది మతాలు చెప్పే దేవుడు కాదు.

హ్యూమ్ అభ్యంతరాలన్నీ ఒకే ముద్రలో ఇరికించడం చాలామంది చేసే పొరపాటు. ఆయన 'తప్పు' అన్న చోట్లు వేరు, 'చాలదు' అన్న చోట్లు వేరు.

ఆంటలాజికల్: ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి

మూడింటిలో ఇదే చిన్నది, ఇదే జారుడు. కంటికి కనిపించే లోకం జోలికే పోకుండా, ఒక భావన నుంచి నేరుగా ఉనికికి దూకుతుంది. 11వ శతాబ్దంలో అన్సెల్మ్ తన 'ప్రోస్లోజియన్' రెండో అధ్యాయంలో చెప్పినది మెట్లుగా రాస్తే ఇలా ఉంటుంది.

1. దేవుడంటే, అంతకన్నా గొప్పదాన్ని ఊహించడానికి వీల్లేనిది.
2. దేవుడు లేడనేవాడికి కూడా ఆ మాట అర్థమవుతుంది. అంటే అది కనీసం అతని మనసులో ఉంది.
3. మనసులో మాత్రమే ఉన్నదానికన్నా, మనసులోనూ బయటా ఉన్నది గొప్పది.
4. అది మనసులో మాత్రమే ఉందనుకుంటే, దానికన్నా గొప్పదాన్ని ఊహించవచ్చు. అది 1కి విరుద్ధం.
5. కాబట్టి అది బయట కూడా ఉంది.

నాలుగో మెట్టు రాయకుండా మూడు నుంచి ఐదుకు దూకేవాళ్లు చాలామంది. ఈ వాదన బలమంతా నాలుగులోనే ఉంది: లేడని అనుకుని మొదలుపెట్టి, ఆ అనుకోవడమే తనను తాను కొట్టుకుంటుందని చూపడం. దాన్ని తప్పకుండా రాయండి.

ఇప్పుడు కుడివైపు. మొదట గౌనిలో అనే విమర్శకుడు. ఈయన మార్మూటియే మఠంలోని సన్యాసి, అన్సెల్మ్ కాలంవాడే. దేవుణ్ని నమ్మేవాడు కూడా. అయినా 'లేడనే మూర్ఖుడి' తరఫున వాదించాడు. అన్ని దీవుల్లోకీ గొప్పదైన, ఎక్కడో తప్పిపోయిన దీవి ఒకటి ఉందని నాకు చెబితే మాట అర్థమవుతుంది. ఉనికి ఉన్న దీవి లేనిదానికన్నా గొప్పది. కాబట్టి ఆ దీవి ఉండి తీరాలి అంటే ఒప్పుకుంటామా? అన్నది ఆయన ప్రశ్న.

దీని పక్కన ఏ నంబరు వేయాలి? ఏదీ వేయకూడదు. గౌనిలో దీవి ఫలానా మెట్టు తప్పని చెప్పదు. ఇదే దారిలో వెళ్తే ఏదైనా 'ఉందని' రుజువు చేయవచ్చు, కాబట్టి దారిలో ఎక్కడో లోపం ఉందని మాత్రమే చెబుతుంది. అందుకే దీని పక్కన 'లోపం ఉంది, చోటు చెప్పలేదు' అని రాసుకోండి. ఈ వాక్యం జవాబులో ఉంటే, దీవి కథ మాత్రమే తెలిసినవాడికీ దాని పని తెలిసినవాడికీ తేడా కనిపిస్తుంది. అన్సెల్మ్ జవాబు: నా వాదన దీవులకు వర్తించదు, లేదని ఊహించడానికే వీల్లేని ఒక్కదానికే వర్తిస్తుంది. తర్వాతివాళ్లు దీనికి ఇంకొకటి కలిపారు. దీవికి 'ఇంతకన్నా గొప్పగా ఉండలేదు' అనే గీత లేదు, ఇంకో కొబ్బరిచెట్టు ఎప్పుడూ చేర్చవచ్చు.

అక్వినాస్ తగిలేది రెండో మెట్టుకు. దేవుని స్వరూపం మనకు పూర్తిగా తెలియదు, కాబట్టి ఆ భావన నుంచి ఉనికిని లాగే హక్కు మనకు లేదంటాడు. నాస్తికుడు కాని పెద్ద తత్త్వవేత్తే ఈ వాదనను కాదన్నాడని ఒక్క వాక్యం రాస్తే చాలు, సాగదీయనక్కర్లేదు.

కాంట్ దగ్గర మాత్రం ఆగాలి. 1781 నాటి 'శుద్ధ ప్రజ్ఞా విమర్శ'లో ఆయన చెప్పింది ఒకటి కాదు, రెండు. చాలామంది రెండోదే రాస్తారు.

మొదటిది డెకార్ట్‌కు సూటిగా తగులుతుంది. త్రిభుజం కోణాల మొత్తం రెండు లంబకోణాలని త్రిభుజం నుంచి విడదీయలేనట్టే, ఉనికిని పరిపూర్ణమైన దేవుని నుంచి విడదీయలేమని డెకార్ట్ 1641లో అన్నాడు. త్రిభుజం ఉందని ఒప్పుకుని మూడు కోణాలు లేవంటే విరుద్ధమే, కానీ త్రిభుజాన్నీ కోణాలనూ కలిపి లేవంటే ఏ విరోధమూ లేదని కాంట్ జవాబు. దేవుడూ అంతే.

రెండోది మూడో మెట్టుకు. ఉనికి నిజమైన విధేయం కాదు. అంటే ఒక వస్తువు భావనకు అది కొత్త గుణమేదీ చేర్చదు. ఆయన ఇచ్చిన ఉదాహరణ వంద థేలర్లు, అప్పటి వెండి నాణేలు. ఊహలోని వంద థేలర్లలో ఎన్ని నాణేలున్నాయో జేబులోని వంద థేలర్లలోనూ అన్నే ఉన్నాయి. జేబులో ఉన్నవి ఒక్క నాణెం కూడా ఎక్కువ కావు. అయితే నా ఆర్థిక పరిస్థితి మాత్రం జేబులో ఉంటేనే బాగుంటుందని కాంటే అదే చోట ఒప్పుకుంటాడు. ఉనికి వల్ల తేడా లేదని ఆయన అనడం లేదు. ఆ తేడా భావన లోపల లేదంటున్నాడు. అలా అయితే రెండింటిలో ఒకటి 'గొప్పది' అనే మూడో మెట్టు నిలవదు. ముద్ర: 3, తప్పు.

'ఉనికి విధేయమే కాదు' అని కాంట్ పేరు మీద రాయకండి. వ్యాకరణంలో అది విధేయంగా నిలబడుతుందని ఆయనకు అభ్యంతరం లేదు, 'నిజమైన' అనే మాట వదిలేస్తే అసలు విషయం పోతుంది.

ఎదురుజవాబు ఒకటి ఉండాలి. నార్మన్ మాల్కమ్ 1960లో, అన్సెల్మ్ మూడో అధ్యాయంలో ఇంకో వాదన ఉందన్నాడు. అక్కడ పోలిక ఉండటానికీ లేకపోవడానికీ మధ్య కాదు, లేకుండా పోగలిగినదానికీ పోలేనిదానికీ మధ్య. మామూలు ఉనికి గుణం కాకపోయినా, తప్పనిసరి ఉనికి గుణమే కావచ్చు. ప్లాంటింగా 1974లో దీన్ని సాధ్యమైన లోకాల భాషలో తిరిగి కట్టాడు: అత్యంత గొప్పతనం ఒక్క సాధ్యమైన లోకంలో ఉన్నా, అన్ని లోకాల్లోనూ ఉన్నట్టే. దీనికి అభ్యంతరం తేలిక. 'అలాంటిది లేకపోవడం సాధ్యం' అని మొదలుపెట్టినా అంతే బలంగా ఎదురు ముగింపుకు చేరతాం. రెండు ఆరంభాల్లో ఏది ఎంచుకోవాలో వాదన చెప్పదు. తన మొదటి మెట్టును ఒప్పుకుని తీరాల్సిందేనని ప్లాంటింగా కూడా అనలేదు, ఒప్పుకోవడం అహేతుకం కాదనే అన్నాడు.

ఒక జవాబు కట్టి చూద్దాం

ప్రశ్న: 'ఆంటలాజికల్ వాదనను కాంట్ పూర్తిగా కూల్చాడా?' పది మార్కులు, సుమారు 150 పదాలు. 250 మార్కులకు మూడు గంటలంటే దీనికి మీకు ఉన్నది ఏడు నిమిషాలే. కాబట్టి అన్సెల్మ్ జీవితం రాయడానికి చోటు లేదు. ఇలా సరిపోతుంది:

'అన్సెల్మ్ వాదన బయటి ఉనికి మానసిక ఉనికికన్నా గొప్పదన్న ప్రతిపాదన మీద నిలుస్తుంది. ఉనికిని భావనకు చేరే గుణంగా తీసుకుంటేనే ఆ పోలిక సాగుతుంది. ఊహించిన వంద థేలర్లకూ ఉన్న వంద థేలర్లకూ భావనలో తేడా లేదని చూపి కాంట్ సరిగ్గా ఆ ప్రతిపాదననే తొలగిస్తాడు. త్రిభుజాన్నీ కోణాలనూ కలిపి నిరాకరిస్తే విరోధం రాదన్న ఆయన మొదటి అభ్యంతరం డెకార్ట్ రూపాన్ని కూడా దెబ్బతీస్తుంది. అయితే తప్పనిసరి ఉనికిని ఆధారం చేసుకున్న మాల్కమ్ రూపానికి థేలర్ల ఉదాహరణ నేరుగా తగలదు. నాణేలు ఎలాగూ లేకుండా పోగలవు. అక్కడ పనిచేసేది త్రిభుజం అభ్యంతరమే: తప్పనిసరి ఉనికి ఆ భావనలో భాగమైనా, అలాంటిది అసలు ఉంటేనే అది తప్పనిసరిగా ఉంటుంది. కాబట్టి అన్సెల్మ్ రెండో అధ్యాయపు రూపాన్ని కాంట్ కూల్చాడు, మిగతా రూపాలపై రుజువు భారం పెంచాడు.'

ఇందులో పొగడ్త లేదు, 'తీవ్రంగా విమర్శించాడు' లేదు. ప్రతి వాక్యం ఏదో ఒక మెట్టును పట్టుకుంది. మీ తీర్పు నాకన్నా వేరుగా ఉండొచ్చు, అందులో తప్పేమీ లేదు. తీర్పు ఎక్కడినుంచి వచ్చిందో పైవాక్యాల్లో కనిపించాలి, అంతే.

కాస్మలాజికల్: ముందు ఏ రూపమో తేల్చుకోండి

ఇక్కడ మార్కులు పోయేది రూపాలు కలిపేయడం వల్ల. కనీసం మూడున్నాయి, మూడింటికీ ఒకే అభ్యంతరం పనిచేయదు.

అక్వినాస్ రూపం గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది: ఆయన కాలంలో వెనక్కి వెనక్కి వెళ్లి మొదటి కారణాన్ని పట్టుకున్నాడని. నిజానికి లోకానికి ఆరంభం ఉందని తర్కంతో నిరూపించలేమన్నది ఆయన అభిప్రాయమే. తండ్రి, తాత, ముత్తాత అంటూ వరస అనంతంగా సాగితే ఆయనకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ఇంకో రకం వరసతో. చెయ్యి కర్రను కదిపితే, కర్ర రాయిని కదిపితే, ఈ క్షణంలోనే రాయి కదలిక కర్ర మీద, కర్ర కదలిక చేతి మీద ఆధారపడి ఉంది. చెయ్యి ఆగితే అంతా ఆగుతుంది. ఇలాంటి వరసలో మొదటిది లేకపోతే మధ్యవాటికి కదిపే శక్తే ఉండదంటాడు. కాబట్టి 'వరస అనంతంగా ఎందుకు ఉండకూడదు?' అని ఒక్కమాటలో తేల్చేస్తే, ఏ వరస గురించి మాట్లాడుతున్నారో మీకే తెలియదని తెలిసిపోతుంది.

గజాలీ నుంచి వచ్చిన కలామ్ రూపం దీనికి ఎదురు. అది కాలం మీదే నిలుస్తుంది: మొదలైన ప్రతిదానికీ కారణం ఉంది, విశ్వం మొదలైంది, కాబట్టి దానికి కారణం ఉంది. విలియం లేన్ క్రెయిగ్ 1979లో దీన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. విశ్వం లోపలి వస్తువులు మొదలవడమంటే ఉన్న పదార్థం రూపు మారడమే, విశ్వం మొదలవడం అలాంటిది కాదు కదా అన్నది మొదటి మెట్టుకు గట్టి అభ్యంతరం.

నేనైతే పరీక్షకు లైబ్‌నిజ్ రూపాన్ని బాగా పట్టుకోమంటాను, ఎందుకంటే రసెల్, హ్యూమ్, కాంట్ ముగ్గురూ అక్కడే కలుస్తారు.

1. లేకుండా కూడా ఉండగలిగిన ప్రతిదానికీ, అది ఎందుకు ఉందో తగిన హేతువు ఉంటుంది.
2. విశ్వం మొత్తం కూడా అలాంటిదే.
3. ఆ హేతువు విశ్వం లోపలే దొరకదు. అక్కడున్నవన్నీ అలాంటివే.
4. కాబట్టి విశ్వానికి అవతల, తప్పనిసరిగా ఉండేది ఒకటి ఉంది.
5. అదే దేవుడు.

1948లో బీబీసీ రేడియోలో కోపుల్‌స్టన్‌తో జరిగిన చర్చలో రసెల్ రెండు దెబ్బలు కొట్టాడు. ప్రతి మనిషికీ తల్లి ఉందని మానవజాతికంతటికీ ఒక తల్లి ఉండాలా? ఇది 2కు తగిలేది. భాగాల గుణాన్ని మొత్తానికి అంటగట్టడం. విశ్వం ఉంది, అంతే, దానికి హేతువు అడగడమే సరికాదన్నది 1కి తగిలేది. రెండింటినీ కలిపి రాయకండి, ఒకటి ఓడినా రెండోది నిలుస్తుంది.

మొదటి దెబ్బకు జవాబుంది. భాగాల గుణం మొత్తానికి ఎప్పుడూ రాదని కాదు. ప్రతి ఇటుకా ఎర్రదైతే గోడ ఎర్రదే, ప్రతి ఇటుకా చిన్నదైతే గోడ చిన్నది కానక్కర్లేదు. 'లేకుండా ఉండగలగడం' రంగు లాంటిదా, సైజు లాంటిదా అన్నదే అసలు వివాదం. ఈ వాక్యం రాసేవాళ్లు తక్కువ. మూడో మెట్టుకు తగిలేది హ్యూమ్ ఇరవై రేణువుల మాట: ఇరవై రేణువుల గుంపులో ఒక్కొక్కదానికీ కారణం చెప్పాక, మళ్లీ ఇరవైకీ కలిపి ఇంకో కారణం అడగడం అనవసరం.

కాంట్ తగిలేది 4 నుంచి 5కు దూకే చోట. తప్పనిసరిగా ఉండేదేదో ఉందని ఒప్పుకున్నా, అది పరిపూర్ణమైన దేవుడే అని చెప్పాలంటే పరిపూర్ణత భావన నుంచి ఉనికిని లాగాలి. అది ఆంటలాజికల్ వాదనే, వెనక తలుపు నుంచి వచ్చింది. ముద్ర: 5, అతకదు.

'అన్నిటికీ కారణం ఉంటే దేవునికి కారణమెవరు?' అన్నది మాత్రం ఈ కాగితంలో పెట్టకండి. 'అన్నిటికీ' అని పై రూపాల్లో ఏదీ అనలేదు. ఒకటి 'మొదలైన ప్రతిదానికీ' అంటుంది, ఒకటి 'లేకుండా ఉండగలిగిన ప్రతిదానికీ' అంటుంది. లేని మెట్టును కొట్టినట్టవుతుంది.

డిజైన్: తేదీలు తిరగేయకండి

పేలీ గడియారం 1802 నాటిది. హ్యూమ్ 'సంభాషణలు' ఆయన చనిపోయాక 1779లో వచ్చాయి. అంటే 'పేలీకి హ్యూమ్ ఇలా జవాబిచ్చాడు' అనేది జరగని పని. హ్యూమ్ కొట్టింది తన కాలంలో చలామణిలో ఉన్న పోలిక వాదనను. అది పేలీకి ఎంతవరకు తగులుతుందో చెప్పడం మీ పని.

పోలిక రూపం: యంత్రానికి రూపకర్త ఉన్నాడు, లోకం యంత్రంలా ఉంది, కాబట్టి లోకానికీ ఉన్నాడు. 'లోకం యంత్రంలా ఉంది' అన్న మెట్టుకు హ్యూమ్ జవాబు: అది చెట్టులాగో జంతువులాగో కూడా ఉంది. అవి పుట్టి పెరుగుతాయి, ఎవరూ బిగించరు. ఇది 'తప్పు' ముద్ర. ఓడను చాలామంది కలిసి కడతారు కాబట్టి దేవుళ్లూ చాలామందే కావచ్చు, లేదా ఈ లోకం ఏదో పసిదేవుడు పనితనం రాక వదిలేసిన మొదటి ప్రయత్నం కావచ్చు అన్నవి 'చాలదు' ముద్ర.

పేలీని పోలికగా కాక, కళ్లెదుట ఉన్న అమరికకు మెరుగైన వివరణగా చదివితే, యంత్రంతో పోలిక బలహీనమన్న దెబ్బ మెత్తబడుతుంది. అక్కడ పనిచేసేది డార్విన్, 1859. కన్ను లాంటి అమరికకు రూపకర్త తప్ప వివరణ లేదన్న మెట్టునే ఆయన తీసేశాడు. ప్రకృతి నియమాలు, స్థిరాంకాలు జీవానికి సరిగ్గా అమరాయనే ఫైన్ ట్యూనింగ్ రూపానికి మాత్రం డార్విన్ తగలడు. ఎంపిక జరగాలంటే ముందు ఆ నియమాలు ఉండాలి. అక్కడ బహువిశ్వాలను, లేదా మనకు పోల్చుకోవడానికి ఉన్నది ఒకే విశ్వమన్న మాటను రాయండి.

భారతీయ కోణం అడిగితే న్యాయ దర్శనం ఈ కాగితంలోనే చేరుతుంది. 10వ శతాబ్దపు ఉదయనుడి 'న్యాయకుసుమాంజలి'లోని అనుమానాల్లో మొదటిది ఇలా సాగుతుంది: భూమి, మొలక మొదలైనవాటికి కర్త ఉన్నాడు (ప్రతిజ్ఞ), అవి కార్యాలు కాబట్టి (హేతువు), కుండ లాగా (దృష్టాంతం). అమరిక గురించి కాక, కార్యం అయినందుకే కర్త కావాలంటుంది కాబట్టి ఇది కాస్మలాజికల్‌కు కూడా దగ్గరే. ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పండి.

ప్రతివాది అభ్యంతరం: అడవిలో మొలక ఎవరూ నాటకుండానే మొలుస్తుంది, అది కార్యమే గానీ కర్త లేడు, కాబట్టి హేతువు చెదిరిపోయింది. నైయాయికుడి జవాబు: ఆ మొలక ఇప్పుడు తేల్చాల్సిన పక్షంలోనే ఉంది, వివాదంలో ఉన్నదాన్నే ఎదురు ఉదాహరణగా తేకూడదు. సరైన జవాబే, కానీ ఇలా అయితే ఏ ఎదురు ఉదాహరణ తెచ్చినా పక్షంలోకి లాగేసుకోవచ్చు కదా అన్న అసంతృప్తి నాకు మిగులుతుంది. జవాబులో అలాగే రాయవచ్చు.

అన్నిటికన్నా బాగా పనికొచ్చేది రామానుజుడు. పరమ వైష్ణవుడైన ఆయనే శ్రీభాష్యంలో ఈ అనుమానం చెల్లదంటాడు. భూమి, సముద్రాలు అన్నీ ఒకేసారి, ఒకే కర్త చేశాడనడానికి ఆధారమేదని అడుగుతాడు. వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు చేసి ఉండొచ్చుగా! బ్రహ్మం శాస్త్రం వల్లే తెలుస్తుందని ఆయన పట్టు. ఇది హ్యూమ్ ఓడ అభ్యంతరానికి ఎంత దగ్గరో చూడండి, ముద్ర కూడా అదే: చాలదు. కానీ హ్యూమ్ దాన్ని సందేహం వైపు నడిపితే, రామానుజుడు శ్రుతి వైపు నడిపాడు. 'భారతీయ, పాశ్చాత్య' అని అడిగే ప్రశ్నకు ఈ ఒక్క జతతో పోలిక పేరా మొత్తం నిలుస్తుంది.

చివరగా, పరీక్షకు ముందు సరిచూసుకునే పద్ధతి

ఎడమవైపు మూసేసి, కుడివైపు అభ్యంతరం ఒకటి చదివి, అది తగిలే మెట్టును పూర్తి వాక్యంగా చెప్పండి. నంబరు గుర్తుండి వాక్యం రాకపోతే ఆ అభ్యంతరం ఇంకా రాలేదని లెక్క. తర్వాత అదే అభ్యంతరాన్ని పక్క వాదన మీద పెట్టి చూడండి. డార్విన్‌ను లైబ్‌నిజ్ మీద పెట్టండి, ఏ మెట్టుకూ తగలడు. రసెల్ 'ఉంది, అంతే' అన్నదాన్ని ఫైన్ ట్యూనింగ్ మీద పెట్టండి, కొంత తగులుతుంది. ఎందుకు తగిలిందో రెండు లైన్లలో కాగితం వెనక రాసి పెట్టుకోండి, పదిహేను మార్కుల ప్రశ్నలో చివరి పేరాకు అది పనికొస్తుంది.